26ఏఎస్‌లో నాలుగు వరుసలు: ఆన్‌లైన్ ఆటల గెలుపుకు పన్ను లెక్క సరిచేసుకున్న నా అనుభవం

2025 ఆగస్టు 7, గురువారం. బెంగళూరులో ఫ్లాటు కొనుక్కుందామని ఇంటి రుణానికి దరఖాస్తు పెట్టుకుని, నేనూ నా భార్యా బ్యాంకు అధికారి ఎదుట కూర్చున్నాము. జీతం చీటీలు, రిటర్ను రసీదు చూసిన తరువాత ఆయన, నా పేరు మీద ఎవరెవరు ఎంత పన్ను కోసి కట్టారో చూపే 26ఏఎస్ పత్రాన్ని తెర మీద తెరిచి, కిందికి జరుపుకుంటూ వెళ్లి, ఒకచోట ఆగి, "సార్, జీతం మీద కోత 192 కింద ఉంది, సరే. ఈ 194బీఏ కింద నాలుగు వరుసలు ఏమిటి?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆయనే, "ఆన్‌లైన్ గేమ్స్ కదా" అన్నారు. నా భార్య తెర వైపు చూసింది, తరువాత నా వైపు చూసింది. ఐపీఎల్‌తోనే ఆ ఆటలు మానేశానని అంతకు ముందు ఏడాది నేనే ఆమెకు చెప్పాను. తిరుగు ప్రయాణంలో క్యాబ్‌లో ఆమె ఒక్క మాటే అడిగింది: "ఏమండీ, అసలు ఎంత పోయింది?" నా దగ్గర జవాబు లేదు. దాచాలని కాదు, నిజంగానే నాకు తెలియదు. అప్పటి నుంచి అక్టోబరు మధ్య వరకు జరిగినదంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

నేను ఆడినవి రెండు. ఒక కంపెనీ యాప్‌లో రమ్మీ, మరో కంపెనీ యాప్‌లో క్రికెట్ జట్లు కట్టే ఆట. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ డబ్బు పెట్టి ఇవి ఆడడం నిషిద్ధం కనుక సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు యాప్ తెరిస్తే, నేనున్న రాష్ట్రంలో ఆట అందుబాటులో లేదని చూపేది. బెంగళూరు రైలు దిగగానే మళ్లీ తెరుచుకునేది. ఉద్యోగం బెంగళూరులో కనుక ఆడగలిగాను, అంతే.

జూన్ 13న ఆఫీసు నుంచి ఫారం 16 వచ్చింది. జూన్ 19న దానిని ఒక రిటర్నుల సైటులో ఎక్కించి, అది అడిగిన నాలుగు ప్రశ్నలకు జవాబిచ్చి, పదిహేను నిమిషాలలో ఐటీఆర్-1 వేసేశాను. ఆటల గెలుపు గురించి అందులో ఒక్క ముక్క లేదు. నేను మోసం చేయాలనుకోలేదు. నా మనసులో రెండు సమాధానాలు ఉండేవి. డబ్బు ఇచ్చేటప్పుడే కంపెనీ 30 శాతం కోసేసింది కనుక ప్రభుత్వానికి చేరవలసింది చేరిపోయిందన్నది మొదటిది. రెండు యాప్‌లూ కలిపి చూస్తే నేను ఎంతో కొంత నష్టపోయే ఉంటాను, ఆదాయమే లేనిచోట పన్నేమిటన్నది రెండవది. ఈ రెండూ తప్పేనని తేలడానికి ఒక శనివారం ఉదయం సరిపోయింది.

ఆగస్టు 9న సహోద్యోగి చెప్పిన ఆడిటర్ గారి దగ్గరకు వెళ్లాను. మొత్తం పనికి 3,500 రూపాయలు అడిగారు. నేను చెప్పింది విని, ఆయన ఒక తెల్ల కాగితం మీద 115బీబీజే అని రాసి దాని చుట్టూ గీత గీశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్ ఆటల నికర గెలుపుకు వర్తించే సెక్షన్ అది. జీతం ఏ శ్లాబులో ఉన్నా సంబంధం లేకుండా గెలుపు మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, అంటే నూటికి 31 రూపాయల 20 పైసలు. దీనికి కనీస మినహాయింపు పరిమితి వర్తించదు. ఆడడానికి అయిన ఇంటర్నెట్టు ఖర్చో మరొకటో తీసివేయనివ్వరు. కంపెనీ కోసే 30 శాతం ముందస్తుగా జమ అయ్యే పన్ను మాత్రమే. ఆదాయాన్ని చూపించే బాధ్యత నాదే. పైగా ఈ ఆదాయం ఉన్నవారు ఐటీఆర్-1 వేయకూడదట, ఐటీఆర్-2 వేయాలి. అంటే నేను వేసినది ఫారమే తప్పు.

"నిషేధం ఉన్న రాష్ట్రంలో ఎవరైనా దొంగచాటుగా ఆడి గెలిచినా పన్ను ఉంటుందా?" అని అనవసరమైన ప్రశ్న ఒకటి వేశాను. "ఆట చట్టబద్ధమా కాదా అని చూసే చట్టం వేరు, ఆదాయం వచ్చిందా లేదా అని చూసే చట్టం వేరు. రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పవు" అన్నారాయన. ఆ తరువాత అసలు దెబ్బ చెప్పారు. ఒక కంపెనీ దగ్గర గెలిచి మరో కంపెనీ దగ్గర ఓడితే, ఆ ఓటమిని ఈ గెలుపులోంచి తీసివేసి చూపడానికి ఆయన ఒప్పుకోలేదు. ఈ తరహా గెలుపుల నుంచి నష్టాలను తీసివేయనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకుపోనివ్వరు. నిబంధనలోని మాటలను పట్టుకుని వాదించేవారు ఉండవచ్చునని, కానీ ఇంటి రుణం మధ్యలో ఉన్న మనిషి అలాంటి వాదనకు దిగకపోవడం మంచిదని ఆయన సలహా. నేను ఒప్పుకున్నాను. ఆ క్షణంలో నాకు భయం కంటే ఎక్కువగా ఉక్రోషం వచ్చిందని చెప్పాలి. జేబులోకి రాని డబ్బుకు పన్ను కట్టడమేమిటన్న ఆలోచన రెండు రోజులు వదలలేదు.

ఊరట ఒక్కటే. ఆ ఏడాది రిటర్నుల గడువును జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు అప్పటికే పొడిగించారు. వేసిన రిటర్నును సవరించుకోవడానికి ఆ ఏడాది డిసెంబరు 31 వరకు సమయం ఉంది. నోటీసు రాకముందే మనంతట మనమే సవరించుకోవడం వేరు, వచ్చాక సవరించుకోవడం వేరు అన్నారు ఆడిటర్ గారు. "రెండు కంపెనీల నుంచీ ఏడాది మొత్తం స్టేట్‌మెంట్లు, మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకురండి. నోటి లెక్కలు వద్దు" అని పంపించారు.

క్రికెట్ కంపెనీ యాప్‌లో ఆర్థిక సంవత్సరం ఎంచుకుంటే పూర్తి స్టేట్‌మెంటు నిమిషంలో పీడీఎఫ్‌గా దిగింది. రమ్మీ కంపెనీ యాప్ ఆరు నెలలకు మించి వెనక్కి వెళ్లనివ్వలేదు. నాకు కావలసినది 2024 ఏప్రిల్ నుంచి. ఆగస్టు 10న సహాయ విభాగానికి మెయిల్ పంపితే, మూడు పనిదినాలలో స్పందిస్తామని యంత్రం రాసిన జవాబు వచ్చింది. మూడు పోయి ఏడు అయ్యాయి. ఇంతలో ఆగస్టు 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు ఆమోదం పొందింది, 22న రాష్ట్రపతి సంతకమూ అయింది. డబ్బు పెట్టి ఆడే ఆటలన్నీ దేశమంతటా ఆగిపోయాయి. తోటి ఆటగాళ్లందరూ వాలెట్‌లో మిగిలిన డబ్బు గురించి కంగారు పడుతుంటే, నాకు ఆ యాప్‌తో పాటు నా లెక్కలు కూడా మాయమైపోతాయేమోనని కంగారు. ఆ రాత్రి కూర్చుని, యాప్‌లో కనిపించినంత వరకు ప్రతి లావాదేవీ తెరనూ ఫోటో తీసుకున్నాను. నూట నలభైకి పైగా ఫోటోలు. మా ఆవిడ పక్కన కూర్చుని ఏ నెలది ఆ నెల ఫోల్డరులో వేసింది. కోపం తగ్గిందని కాదు, పని తెమలాలని.

ఆగస్టు 23న కంపెనీ ఫిర్యాదుల అధికారి చిరునామా వెతికి, పాన్ నంబరు, నమోదైన ఫోను నంబరు, కావలసిన తేదీలు మాత్రమే రాసి, "ఆదాయపు పన్ను రిటర్ను సవరణ కోసం" అన్న ఒక వాక్యంతో మెయిల్ పెట్టాను. అంతకు ముందు మెయిల్‌లో నా బాధంతా రాశాను, ఎవరూ చదివినట్టు లేదు. ఈ పొట్టి మెయిల్‌కు సెప్టెంబరు 1న పూర్తి స్టేట్‌మెంటు వచ్చింది. మొదటి మెయిల్ నుంచి లెక్కిస్తే 22 రోజులు.

ఎదురుచూసిన ఆ రోజుల్లో బ్యాంకు స్టేట్‌మెంట్ల నుంచి నేనే లెక్క తీయబోయాను. నాకు రెండు బ్యాంకు ఖాతాలు ఉన్నాయి, రెండింటి నుంచీ యూపీఐతో డబ్బు వేశాను. స్టేట్‌మెంటులో యాప్ పేరు వెతికితే పదిలో నాలుగు చోట్ల కూడా లేదు. చెల్లింపులు నడిపే మధ్యవర్తి సంస్థల పేర్లు ఉన్నాయి. అవే పేర్లతో నేను కట్టిన కరెంటు బిల్లూ, కొన్న సినిమా టికెట్లూ ఉన్నాయి. ఏది ఆట, ఏది టికెట్టు అని తేల్చడానికి యాప్‌లోని లావాదేవీ వివరాలలో ఉండే 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరును బ్యాంకు వరుసలోని నంబరుతో ఒక్కొక్కటిగా సరిచూడవలసి వచ్చింది. ఖాతాలో డబ్బు కోతపడి, వాలెట్‌లో చేరక, రెండు రోజుల తరువాత తిరిగి వచ్చిన జమలు మూడు ఉన్నాయి. వాటిని మొదట జమలుగా, తిరిగి వచ్చినప్పుడు గెలుపు సొమ్ముగా రాసేసుకున్నాను. ఆ తప్పు పట్టుకోవడానికి ఒక రాత్రి పోయింది.

ఇక అసలు లెక్క. ఏడాదికి నికర గెలుపు ఎలా కట్టాలో ఆదాయపు పన్ను నిబంధన 133 చెప్పింది. ఆడిటర్ గారు దానిని తెలుగులో ఇలా రాసిచ్చారు:

```
నికర గెలుపు = (ఏడాదిలో తీసుకున్నది + మార్చి 31న మిగిలినది)
              − (ఏడాదిలో వేసినది + ఏప్రిల్ 1న ఉన్నది)
```

ఒక్కో ఆటలో, ఒక్కో పందెంలో ఎంత గెలిచామన్న ప్రశ్నే ఇందులో లేదు. వాలెట్ అనే డబ్బాలోకి మన జేబు నుంచి పోయినదెంత, బయటికి వచ్చినదెంత, మొదట్లో ఎంత ఉంది, చివరికి ఎంత మిగిలింది, ఈ నాలుగు అంకెలే. రాత్రంతా కూర్చుని నూరు ఆటలు ఆడినా లెక్క మారదు.

రమ్మీ కంపెనీ దగ్గర నా నాలుగు అంకెలు ఇవి: 2024 ఏప్రిల్ 1న వాలెట్‌లో 1,200. ఏడాదిలో వేసినది 64,000. తీసుకున్నది 92,500. 2025 మార్చి 31న మిగిలినది 4,700. అంటే 97,200 లోంచి 65,200 పోగా 32,000 రూపాయలు నికర గెలుపు.

చూడడానికి ఇంత తేలిక. కానీ నేను సొంతంగా మొదటిసారి కట్టినప్పుడు వచ్చినది 20,310. బ్యాంకులో పడిన మొత్తాలను కూడి, బ్యాంకు నుంచి పోయిన మొత్తాలను తీసివేస్తే చాలనుకున్నాను. బ్యాంకులో పడినది కోత పోగా మిగిలిన డబ్బని మరిచిపోయాను. తీసుకున్నది అంటే పన్ను కోయక ముందు వాలెట్ నుంచి కదిలిన మొత్తం. నా ఖాతాలో ఏడాదికి 84,310 పడింది, వాలెట్ నుంచి కదిలినది మాత్రం 92,500. ఆ మధ్య ఉన్న 8,190 టీడీఎస్. దానికి తోడు వాలెట్‌లో మొదట ఉన్నదీ చివర మిగిలినదీ నేను పట్టించుకోలేదు.

రెండవసారి ఈ తప్పులన్నీ దిద్దుకుని కడితే 30,000 వచ్చింది. 26ఏఎస్‌లో ఆ కంపెనీ చూపిన మొత్తాలు కూడితే 32,000. ఈ రెండు వేలు ఎక్కడ పోయాయో అంతుపట్టక రెండు రాత్రులు వరుసగా కూర్చున్నాను. చివరికి మా ఆవిడే కనిపెట్టింది. యాప్‌లో జమల పట్టీలో ఒక 2,000 వరుసకు 12 అంకెల నంబరు లేదు. అది నేను వేసిన డబ్బు కాదు, ఇద్దరు స్నేహితులను చేర్పించినందుకు కంపెనీ ఇచ్చిన రిఫరల్ బోనస్. మన చేతి నుంచి వేసినదే తీసివేయడానికి పనికి వస్తుంది. కంపెనీ ఇచ్చిన బోనస్ వాలెట్‌లో జమలాగే కనిపించినా, తీసుకోవడానికి వీలైన డబ్బుగా మారితే అది కూడా గెలుపులో భాగమే. దానిని నేను వేసిన వాటిలో కలిపేసుకున్నాను. ఆ వరుస తీసేయగానే లెక్క రూపాయితో సహా కలిసింది. నాకు వచ్చిన సంతోషం చూసి మా ఆవిడ, "పన్ను పెరిగినందుకు ఇంత సంబరమా?" అంది. బ్యాంకుకు వెళ్లి వచ్చిన తరువాత ఆమె నవ్వడం అదే మొదటిసారి.

కంపెనీ ఈ 32,000 మీద ఒకేసారి కోయలేదు, మూడుసార్లు కోసింది. అది ఎలాగో తెలియకపోతే 26ఏఎస్‌లోని వరుసలు చూసి కంగారు పడతాము కనుక కాస్త వివరంగా చెబుతాను. మే నెలలో 8,000 తీసుకున్నాను. అప్పటికి నేను వేసినది 10,000, మొదట ఉన్నది 1,200. తీసుకున్నది వేసిన దానికంటే తక్కువ కనుక కోత లేదు, నా డబ్బే నాకు తిరిగి వచ్చినట్టు. జూలై 14న ఇంకో 32,000 తీసుకున్నాను. అప్పటికి వేసినది మొత్తం 22,000. తీసుకున్న 40,000 లోంచి 23,200 పోగా 16,800 గెలుపుగా తేలి, దానిలో 30 శాతం 5,040 కోసి, 26,960 ఖాతాలో వేశారు. తరువాత దసరా, దీపావళి రోజుల్లో బాగా పోగొట్టుకుని, విడతలు విడతలుగా మరో 42,000 వేశాను. 2025 జనవరి 27న ఒక టోర్నమెంటులో గెలిచాక 52,500 తీసుకున్నాను. అప్పటికి తీసుకున్నది 92,500. దానిలోంచి వేసిన 64,000, మొదట ఉన్న 1,200, ఇదివరకే కోత పడిన 16,800 తీసివేస్తే 10,500. దాని మీద 3,150 కోశారు.

మూడవ కోత నాకు తెలియకుండానే జరిగింది. మార్చి 31 రాత్రి వాలెట్‌లో 4,700 చూసుకుని పడుకున్నాను. ఏప్రిల్ 1 ఉదయం చూస్తే 3,290. ఎవరో ఖాతాలో చొరబడ్డారనుకుని పాస్‌వర్డు మార్చాను, సహాయ విభాగంతో గొడవ కూడా పడ్డాను. నిజానికి ఏడాది ముగిసినప్పుడు వాలెట్‌లో మిగిలిన గెలుపును మనం తీసుకోకపోయినా లెక్కలోకి తెచ్చి కోయాలి. అలా పోయినవే ఆ 1,410 రూపాయలు. డబ్బు యాప్‌లోనే ఉంచుకుంటే పన్ను తప్పుతుందని మా ఆటగాళ్ల బృందంలో గట్టిగా నమ్మేవారు. మార్చి 31 దాకానే ఆ నమ్మకం నిలిచేది.

జీఎస్‌టీ గురించి ఒక మాట. 2023 అక్టోబరు నుంచి వేసే ప్రతి మొత్తంలోనూ 28 శాతం జీఎస్‌టీ ఇమిడి ఉండేది. 1,000 రూపాయలు వేస్తే 218 రూపాయల 75 పైసలు జీఎస్‌టీకి పోయి, 781 రూపాయల 25 పైసలు ఆటకు మిగిలేవి. పోయిన మేరకు కంపెనీ ఆటకు మాత్రమే పనికివచ్చే పాయింట్లు ఇచ్చేది. నా కంపెనీ తన పత్రంలో నేను కట్టిన పూర్తి 1,000నే జమగా చూపింది కనుక నాకు చిక్కు రాలేదు. మీ కంపెనీ పత్రంలో ఏ అంకె ఉందో ముందే చూసుకోండి, లేకపోతే బ్యాంకు లెక్కకూ కంపెనీ లెక్కకూ ప్రతి వరుసలోనూ తేడా వస్తుంది.

క్రికెట్ కంపెనీ కథ దీనికి పూర్తిగా తిరగబడినది. 2024 ఐపీఎల్ ముగిసే రోజుల్లో, మేలో, 12,000 వేసి 21,000 తీసుకున్నాను. 9,000 గెలుపు మీద 2,700 కోశారు. నా భార్యకు మానేశానని చెప్పినది అప్పుడే. మానలేదు. ఏడాది చివరికి వేసినది మొత్తం 62,000 అయింది, తీసుకున్నది 27,000 దగ్గరే ఆగింది, వాలెట్‌లో మొదటా చివరా సున్నా. అంటే 35,000 నష్టం. సూత్రం ప్రకారం నికర గెలుపు మైనస్ అయితే దానిని సున్నాగా తీసుకోవాలి. 35,000 నష్టం రమ్మీ గెలుపు దగ్గర పనికి రాలేదు. అయితే మేలో కోసిన ఆ 2,700 మాత్రం వృథా కాలేదు. ఏడాది మొత్తానికి ఆ కంపెనీ దగ్గర గెలుపే లేనప్పుడు ఆ కోత ఎక్కువగా కోసినదే. కంపెనీ తిరిగి ఇవ్వదు, రిటర్నులో మనమే అడిగి తీసుకోవాలి.

క్యాబ్‌లో అడిగిన ప్రశ్నకు జవాబు అలా దొరికింది. ఒకచోట 32,000 వచ్చింది, మరోచోట 35,000 పోయింది. పన్ను కాక ముందే 3,000 పోయింది. పన్నుతో కలిపితే దాదాపు పదమూడు వేలు. ఆమెకు కాగితం మీద చూపించాను. ఆమె ఏమీ అనలేదు, ఆ కాగితాన్ని మడిచి రుణం ఫైలులో పెట్టింది.

సెప్టెంబరు 6, శనివారం సాయంత్రం ఆడిటర్ గారి ఆఫీసులో సవరించిన రిటర్ను వేశాము. పాత రిటర్ను రసీదు సంఖ్య, తేదీ ముందే దగ్గర ఉంచుకోవాలి, అవి లేకుండా ముందుకు కదలదు. ఇతర ఆదాయాల షెడ్యూలులో 115బీబీజే కింద 32,000 రాశాము. అంతటితో అయిపోయిందనుకుంటే, ఆ ఆదాయం ఏడాదిలో ఏ కాలంలో వచ్చిందో ఐదు గడుల్లో పంచి రాయమని అదే షెడ్యూలు చివర అడిగింది. జూన్ 15 వరకు ఒకటి, అక్కడి నుంచి సెప్టెంబరు 15 వరకు ఒకటి, అలా మార్చి 31 వరకు. కోత తేదీలు చేతిలో ఉన్నాయి కనుక 16,800 రెండవ గడిలోనూ, 10,500 నాలుగవ గడిలోనూ, 4,700 చివరి గడిలోనూ పడ్డాయి. తేదీలు లేకుండా మొత్తం అంకె మాత్రమే పట్టుకుని వెళ్లి ఉంటే అక్కడే ఆగిపోయేవాళ్లము.

పన్ను 32,000 మీద సెస్సుతో కలిపి 9,984. రమ్మీ కంపెనీ కోసినది 9,600, అంటే కోత పూర్తిగా పడినా సెస్సు కింద 384 మనమే కట్టాలి. కంపెనీ 30 శాతమే కోసేది కనుక ఇది చాలామందికి చివర్లో కనిపించిన చిన్న బాకీ. కానీ క్రికెట్ కంపెనీ కోసిన 2,700 కూడా జమలో ఉంది కనుక మొత్తం కోత 12,300 అయి, నాకే 2,316 తిరిగి రావాలని తేలింది. నెల రోజులు జరిమానా ఎంత పడుతుందోనని నిద్ర పోని మనిషికి తెర మీద రీఫండ్ అంకె చూస్తే ఎలా ఉంటుందో చెప్పలేను. ఆడిటర్ గారు మాత్రం, "సంతోషించకండి, ఇది మీ నష్టంలోంచి వచ్చిన రీఫండ్" అన్నారు. ఆధార్ ఓటీపీతో అక్కడే ధ్రువీకరించాము. అక్టోబరు 16న డబ్బు ఖాతాలో పడింది.

బ్యాంకు వారు సవరించిన రిటర్ను రసీదు, ఆదాయపు లెక్క కాగితం, రెండు ఆటల యాప్‌లలోనూ ఖాతాలు మూసివేశానని ఒక ఉత్తరం అడిగారు. సెప్టెంబరు 24న రుణం మంజూరైంది. ఆలస్యానికి బిల్డరు వేసిన వడ్డీ 6,200. ఆడిటర్ ఫీజు కంటే ఇది ఎక్కువ.

ఆటలు ఆగిపోయినా నా పని అయిపోలేదు, ఎందుకంటే 2025 ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు ఆడినది ఆ తరువాతి ఏడాది రిటర్నులోకి వస్తుంది. ఈసారి ముందే ఒక షీటు తెరిచాను. తేదీ, కంపెనీ, నేను వేసినది, కంపెనీ ఇచ్చిన బోనస్, వాలెట్ నుంచి కదిలినది, కోసిన టీడీఎస్, బ్యాంకులో పడినది, 12 అంకెల నంబరు, ఆ రోజు వాలెట్‌లో మిగిలినది. వేసినదీ బోనసూ వేర్వేరు గడులలో ఉండడం, కోతకు ముందుదీ తరువాతదీ వేర్వేరుగా ఉండడం, ఈ రెండూ పాటిస్తే నేను పోగొట్టుకున్న నాలుగు రాత్రులు మిగులుతాయి. తిరిగి వచ్చిన జమలను చెరిపేయకుండా ఎరుపు రంగులో ఉంచి, మొత్తంలో కలపడం లేదు. కోసిన పన్నుకు రుజువుగా కంపెనీ మూడు నెలలకొకసారి ఇచ్చిన ఫారం 16ఏ పీడీఎఫ్‌లను యాప్‌లో వదిలేయకుండా నా మెయిల్‌లోకి పంపుకున్నాను.

ప్రతి నెలా మొదటి ఆదివారం మా ఆవిడ ఆ షీటులో వరుసలను 26ఏఎస్‌తో సరిచూస్తుంది. చివరి వరుస ఆగస్టు 24ది. వాలెట్‌లో మిగిలినదంతా తీసేసుకున్న రోజు అది. ఆఖరి గడిలో సున్నా రాసి, దాని పక్కన ఆమె తన చేత్తో టిక్కు పెట్టుకుంది.